రెండో పెళ్లితో భర్త పొలంలో వాటా పోతుందా?

ప్రశ్న: నా భర్త 2016లో వీలునామా రాయకుండానే చనిపోయారు. ఆయన సొంత డబ్బుతో కొన్న రెండెకరాల పొలం ఉంది. మాకు ఒక బాబు. 2019లో నేను గుడిలో మళ్లీ పెళ్లి చేసుకున్నాను, రిజిస్టర్ చేయించలేదు. దాంతో నా హక్కు పోయిందంటూ మా అత్తగారు పాసుపుస్తకం తన పేరిట మార్పించుకున్నారు. అప్పట్లో వాళ్లు ఇచ్చిన కాగితాల మీద చదవకుండానే సంతకాలు చేశాను. కోర్టు ఆర్డరు ప్రకారం మామగారు ఇచ్చే భరణం ఇంకా వస్తోంది. పెళ్లి సంగతి కోర్టుకు చెప్పకుండా ఉండవచ్చా?

జవాబు: మీ కేసును తేల్చేది పెళ్లి తేదీ కాదు, మీ భర్త మరణించిన తేదీ. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం ఆ రోజే వారసత్వం తెరుచుకుంటుంది. ఆ రోజు మీరు ఆయన భార్య గనుక మీకు, బాబుకు, అత్తగారికి తలా మూడో వంతు సంపూర్ణ హక్కుగా సంక్రమించింది. తల్లి ఉండగా తండ్రికి వాటా రాదు. ఒకసారి సంక్రమించిన వాటాను తర్వాతి పునర్వివాహం తీసివేయదని సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదు.

భరణం సంగతి వేరు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 19వ సెక్షన్ కింద విధవరాలైన కోడలికి మామగారు ఇవ్వవలసిన మనోవర్తి ఆమె పునర్వివాహంతో ఆగిపోతుంది. రిజిస్టర్ కాలేదన్న సాకు నిలవదు, ఎందుకంటే ఆచారం ప్రకారం జరిగిన హిందూ వివాహం నమోదు లేకపోయినా చెల్లుతుంది. పెళ్లి కాలేదని ప్రమాణపత్రం దాఖలు చేస్తే అది నేరమవుతుంది; అంతకన్నా ముఖ్యంగా, ఆ ఒక్క అబద్ధం బయటపడిన రోజున గెలవవలసిన పొలం దావాలో కూడా మీ మాటను ఎవరూ నమ్మరు. వెంటనే వకీలు ద్వారా కోర్టుకు నిజం తెలియజేయండి.

చదవకుండా సంతకం చేయడం మాత్రం క్షమించరాని అజాగ్రత్త. ముందుగా సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ సర్వే నంబరుకు 2016 నుంచి ఈసీ, అంటే ఆ భూమిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం తీయించండి. మీరు హక్కు వదులుకున్నట్టు విడుదల దస్తావేజు రిజిస్టర్ అయి ఉంటే నకలు తీసుకోండి. మోసం మీకు తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు రద్దు కోరాలి. రిజిస్టర్ కాకపోతే ఆ కాగితంతో మీ వాటా బదిలీ కాదు.

అనంతరం విభజన దావా వేయండి. సహవాటాదారు స్వాధీనం అందరి తరఫున ఉన్నట్టే లెక్క; అయితే మీ హక్కును బాహాటంగా కాదన్న నాటి నుంచి పన్నెండేళ్లు దాటితే, ఇన్నాళ్ల స్వాధీనంతో పొలం తమదే అయిందని, అంటే ప్రతికూల స్వాధీనమంటూ వాదిస్తారు. 2019లోనే కాదన్నారు గనుక ఆలస్యం చేయవద్దు. భర్త కొన్న అసలు దస్తావేజు నకలు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బాబు జనన ధ్రువపత్రం జతచేసి, పొలం అమ్మకుండా మధ్యంతర ఇంజంక్షన్ కూడా కోరండి. బాబు మైనరైతే అతని వాటాను కోర్టు అనుమతి లేకుండా మీరు కూడా అమ్మకూడదు.