బైనామియల్ ఫిట్ చేశాక డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం: మా పత్తి చేను లెక్క

ప్రశ్న: బైనామియల్ ఫిట్ చేశాను, మూడు తరగతులున్నాయి. Excelలో CHISQ.TEST వేస్తే 0.05 కన్నా ఎక్కువే వస్తోంది. మా సార్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం తప్పని కొట్టేశారు. k−1 కాదా?

జవాబు: బైనామియల్‌లో వాడిన p మీ డేటా నుంచే తీశారా? తీస్తే సార్ చెప్పిందే కరెక్టు, k−2 వేయాలి. ఇదే తప్పు నేనూ చేశాను.

హన్మకొండలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ప్రాజెక్టుకి పరకాల దగ్గరి మా పత్తి చేనునే తీసుకున్నా. బాపు కుదురుకు రెండు గింజలు పెట్టాడు. పది రోజులయ్యాక సాళ్ల వెంట నడుస్తూ లెక్కబెడితే, 200 కుదుళ్లలో రెండూ మొలిచినవి 133, ఒక్కటే మొలిచినవి 54, ఏదీ మొలవనివి 13. అంటే 400 గింజలకు 320 మొలకలు, p = 0.8.

ఒక గింజతో ఇంకో గింజకు సంబంధం లేకుండా మొలిస్తే బైనామియల్ ప్రకారం 128, 64, 8 రావాలి.

```
χ² = 5²/128 + (−10)²/64 + 5²/8
   = 0.195 + 1.563 + 3.125 = 4.883
```

ఆ తేడాలు చూడండి: 5, −10, 5. మొత్తం 200 కావాలి కాబట్టి తేడాల కూడిక సున్నా. 0.8 ఈ మొలకల నుంచే తీశాం కాబట్టి మొత్తం మొలకలు కూడా 320కి సరిపోవాలి. ఈ రెండు కట్లు పడ్డాక ఒక్క తేడా తెలిస్తే మిగతా రెండూ వాటంతటవే వచ్చేస్తాయి. స్వేచ్ఛగా మిగిలింది ఒక్కటే, 3−1−1 = 1. అదే 0.8 లెక్కకు ముందే బయటి నుంచి తెలిసి ఉంటే 2 అయ్యేది.

CHISQ.TESTకి మీరు p ఎక్కడి నుంచి తెచ్చారో తెలియదు, అది 2 అనుకొని 0.087 ఇస్తుంది. దాని బదులు ఇది వేయండి:

```
=CHISQ.DIST.RT(4.883,1)
```

0.027 వస్తుంది. టేబుల్ చూసినా 5% స్థాయిలో 1కి హద్దు 3.841, మన 4.883 దాన్ని దాటింది. కాబట్టి ముగింపు ఇలా రాయాలి: "5% స్థాయిలో శూన్య పరికల్పనను తిరస్కరిస్తున్నాం, మొలకల సంఖ్య బైనామియల్‌కు సరిపోవడం లేదు." 2 వేసి ఉంటే హద్దు 5.991, సరిపోయిందని రాసేవాణ్ణి.

χ²లో ఎక్కువ భాగం ఖాళీ కుదుళ్ల నుంచే వచ్చింది, అందుకే ఒక కుదురును గోటితో గీకి చూశా. విత్తాక పడ్డ వానకు మట్టి పెచ్చు కట్టింది, దాని కింద రెండు మొలకలూ వంగిపోయి ఉన్నాయి. ఒకే పెచ్చు కింద ఉన్న గింజలు కలిసే పోతాయి, బైనామియల్ అడిగే స్వతంత్రత అక్కడే తప్పిందని నా నమ్మకం. కారణం ఏదో మాత్రం టెస్టు చెప్పదు.

ఇంకో జాగ్రత్త. మొదటి రోజు నేను 100 కుదుళ్లే చూశా. అప్పుడు ఖాళీల అంచనా 4 దగ్గరే ఉంటుంది, 5 కన్నా తక్కువ కాబట్టి పక్క తరగతిలో కలపాలి. కలిపితే తరగతులు రెండే, 2−1−1 = 0, ఇక టెస్టే లేదు. అందుకే మర్నాడు పొద్దున్నే పోయి ఇంకో వంద లెక్కబెట్టుకొచ్చా.