పేరులో ఒక అక్షరం, తేదీలో రెండు అంకెలు

"పాస్‌పోర్ట్‌లో Lakshmi, బర్త్ సర్టిఫికెట్‌లో Laxmi. తేదీ కూడా 12కి బదులు 21 పడింది. అమెరికా గ్రీన్ కార్డ్ కోసం I-485 ఫారం పంపాలి, ఎలా?"

తేదీ తేడా రిజిస్టర్‌లోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పడిన తప్పు కావచ్చు.

1. ముందు మున్సిపాలిటీలో పాత రిజిస్టర్ ఎంట్రీ చూపించమనండి. అందులో 12 ఉంటే కొత్త సర్టిఫికెట్ అడగండి.
2. అందులోనే 21 ఉంటే, విషయం తెలిసిన ఇద్దరి డిక్లరేషన్‌తో, టెన్త్ మెమో జతచేసి దిద్దుబాటుకు అప్లై చేయండి. పాత ఎంట్రీని చెరపరు, మార్జిన్‌లో రాస్తారు.
3. అందరూ వదిలేసేది ఇదే: I-485లో 'ఇంతకుముందు వాడిన ఇతర పేర్లు' గడి. అక్కడ Laxmi అని రాయండి. మా అక్క, ఇదేమీ పెళ్లయ్యాక మారిన పేరు కాదు కదా అని ఆ గడి ఖాళీగా పంపింది, తర్వాత వివరణ రాసుకోవాల్సి వచ్చింది.

స్పెల్లింగ్ కోసం పాస్‌పోర్ట్ మార్చకండి. వీసా, అమెరికాలో అడుగుపెట్టిన రికార్డు I-94 అన్నీ దాని మీదే ఉన్నాయి.