రివర్స్ బయాస్‌లో వోల్టేజ్ పెంచినకొద్దీ కరెంట్ పెరుగుతోంది, ఎందుకు?

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ, డిప్లొమా సెకండియర్. ల్యాబ్‌లో 1N4007 డయోడ్‌ను రివర్స్ బయాస్‌లో పెడితే 5 వోల్టులకు 5 మైక్రోయాంప్‌లు, 10కి 10, 20కి 20 వచ్చాయి. డిప్లీషన్ రీజియన్ వెడల్పు అయితే కరెంట్ తగ్గాలి కదా? పుస్తకంలోనేమో మారదు అని ఉంది. వచ్చే వారం వైవా, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

తమ్మీ, ఆ మూడు రీడింగ్‌లు డయోడ్‌వి కావు, నీ వోల్ట్‌మీటర్‌వి. 5 వోల్టులను 5 మైక్రోయాంప్‌లతో భాగించు, 10ని 10తో, 20ని 20తో. ప్రతిసారీ ఒక మెగాఓమ్ వస్తుంది. డయోడ్ ఇంత బుద్ధిగా ఓమ్ సూత్రం పాటించదు, అలా పాటించేది రెసిస్టరే. ల్యాబుల్లో వాడే చవక చేతి మల్టీమీటర్లలో చాలావాటికి వోల్టేజ్ కొలిచేటప్పుడు లోపలి రెసిస్టెన్స్ ఒక మెగాఓమ్ ఉంటుంది, కాస్త మంచివాటికి పది మెగాఓమ్‌లు. నేను వరంగల్‌లో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను, ప్రతి బ్యాచ్‌లోనూ కొందరి రికార్డుల్లో ఇదే టేబుల్ కనిపిస్తుంది.

జరిగింది ఏమిటంటే, ఫార్వర్డ్ బయాస్ సర్క్యూట్‌నే ఉంచి, డయోడ్‌ను మాత్రం తిప్పి పెట్టి ఉంటారు. అందులో వోల్ట్‌మీటర్ నేరుగా డయోడ్ రెండు కాళ్ల మధ్య ఉంటుంది, అమ్మీటర్ వాటికి ముందు ఉంటుంది, కాబట్టి డయోడ్‌లోకి వెళ్లే కరెంటూ వోల్ట్‌మీటర్‌లోకి వెళ్లే కరెంటూ రెండూ అమ్మీటర్ గుండానే పోతాయి. ఫార్వర్డ్‌లో దీనితో ఇబ్బంది లేదు. డయోడ్‌లో 10 మిల్లీయాంప్‌లు పారుతుంటే 0.7 వోల్టుల దగ్గర మీటర్ తీసుకునేది 0.7 మైక్రోయాంప్, అది లెక్కలోకే రాదు. రివర్స్‌లో మాత్రం మామూలు గది వేడిలో 1N4007 ఇచ్చేది కొన్ని నానోయాంప్‌లే, మీటర్ తీసుకునేది 20 మైక్రోయాంప్‌లు. వేల రెట్ల తేడా. నమ్మకం కుదరకపోతే పవర్ సప్లై 20 వోల్టుల దగ్గరే ఉంచి డయోడ్‌ను బ్రెడ్‌బోర్డ్ నుంచి పీకేసి అమ్మీటర్ చూడు, 20 మైక్రోయాంప్‌లు అలాగే ఉంటాయి.

అందుకే మాన్యువల్‌లో రెండు బొమ్మలు వేరువేరుగా ఉంటాయి. రివర్స్‌లో వోల్ట్‌మీటర్‌ను అమ్మీటర్‌కు ముందు, అంటే అమ్మీటర్, డయోడ్ రెండింటికీ కలిపి పెట్టాలి. అప్పుడు అమ్మీటర్‌లో పడే వోల్టేజ్ కూడా రీడింగ్‌లో కలుస్తుంది కానీ, నానోయాంప్‌ల దగ్గర అది మైక్రోవోల్టుల్లో ఉంటుంది కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. అదే కనెక్షన్ ఫార్వర్డ్‌లో పెడితే తేడా కొడుతుంది. 20 మిల్లీయాంప్ రేంజ్‌లో అమ్మీటర్ సుమారు పది ఓమ్‌లు ఉంటుంది, 10 మిల్లీయాంప్‌లకు 0.1 వోల్ట్ దానిలోనే పడిపోయి డయోడ్ 0.7కి బదులు 0.8 చూపిస్తుంది.

ఇక నీ అసలు ప్రశ్న, వెడల్పు అయితే కరెంట్ ఎందుకు తగ్గదు అనేది. డిప్లీషన్ రీజియన్‌ను అడ్డుగోడలా ఊహించుకుంటే ఈ చిక్కు పోదు. జంక్షన్ దగ్గర ఎన్ వైపు ఎలక్ట్రాన్లు పీ వైపుకు, పీ వైపు హోల్స్ ఎన్ వైపుకు వెళ్లిపోయాక, కదలలేని అయాన్లు మిగులుతాయి, ఎన్ వైపు ప్లస్, పీ వైపు మైనస్. వాటి మధ్య ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఏర్పడుతుంది. ఆ ఫీల్డ్ మెజారిటీ క్యారియర్లను వెనక్కి తోస్తుంది, మైనారిటీ క్యారియర్లను మాత్రం అవతలికి లాగుతుంది. ఇది మనసులో పెట్టుకో, ఒకే ఫీల్డ్ ఒకరికి అడ్డు, ఇంకొకరికి సాయం. బయాస్ లేనప్పుడు ఈ రెండు ప్రవాహాలూ సమానం, బయట కరెంట్ సున్నా. ఫార్వర్డ్‌లో బ్యారియర్ తగ్గుతుంది, దాన్ని దాటగల మెజారిటీ క్యారియర్ల సంఖ్య ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. రివర్స్‌లో బ్యారియర్ పెరిగి మెజారిటీ వాళ్ల దారి దాదాపు మూసుకుపోతుంది, మిగిలేది మైనారిటీ క్యారియర్ల ప్రవాహం ఒక్కటే.

మన రామప్ప చెరువో పాకాల చెరువో మత్తడి దూకేటప్పుడు చూసే ఉంటావు. మత్తడి కింద పల్లం మూడడుగులున్నా ముప్పై అడుగులున్నా దూకే నీళ్లు అంతే, ఎన్ని దూకాలో తేల్చేది పై నుంచి చెరువులోకి వచ్చే వరద. రివర్స్ వోల్టేజ్ పెంచడమంటే పల్లాన్ని లోతు చేయడమే. అంచు దాకా వచ్చే మైనారిటీ క్యారియర్లు ఎన్నో, కరెంట్ అంతే. పుస్తకంలో సాచురేషన్ కరెంట్ అని రాసింది దీన్నే.

అయితే సిలికాన్‌లో ఇంకో సంగతి ఉంది, చాలా క్లాసుల్లో చెప్పరు. వేడి వల్ల డిప్లీషన్ రీజియన్ లోపలే ఎలక్ట్రాన్-హోల్ జతలు పుడుతుంటాయి, ఫీల్డ్ వాటిని వెంటనే చెరో వైపు లాగేస్తుంది. మామూలు ఉష్ణోగ్రతలో సిలికాన్ డయోడ్ రివర్స్ కరెంట్‌లో పెద్ద వాటా వీటిదే. అంటే రీజియన్ వెడల్పు అయితే జతలు పుట్టే చోటు పెరిగి కరెంట్ కొద్దిగా పెరుగుతుంది, నువ్వు అనుకున్నదానికి సరిగ్గా ఉల్టా. ఎంత పెరుగుతుందో చూద్దాం. జంక్షన్ అబ్రప్ట్ రకమైతే వెడల్పు, బ్యారియర్ మొత్తానికి వర్గమూలం లెక్కన మారుతుంది. 0.7 వోల్టులు లోపలి బ్యారియర్ అనుకుంటే 5 వోల్టుల దగ్గర మొత్తం 5.7, 20 దగ్గర 20.7. వాటి నిష్పత్తి 3.63, దాని వర్గమూలం సుమారు 1.9. వోల్టేజ్ నాలుగింతలైనా కరెంట్ రెండింతలు కూడా కాకూడదు. నీకు సరిగ్గా నాలుగింతలైంది. డయోడ్‌ను పీకకుండా టేబుల్ చూసే పట్టుకోవచ్చు అన్నమాట.

కనెక్షన్ సరిచేశాక ఇంకో టెన్షన్ వస్తుంది, మైక్రో అమ్మీటర్ 0.0 చూపిస్తుంది. చాలామంది అక్కడ పక్కవాళ్ల అంకెలు ఎక్కించేస్తారు, అది మాత్రం వద్దు. 200 మైక్రోయాంప్ రేంజ్‌లో ఆ మీటర్‌కు 0.1 మైక్రోయాంప్ కంటే చిన్నది కనపడదు, కాబట్టి రికార్డులో "0.1 మైక్రోయాంప్ కంటే తక్కువ" అని రాయి. అసలు అంకె కావాలంటే నేను పిల్లలతో ఇలా చేయిస్తాను. అమ్మీటర్ తీసేసి, మల్టీమీటర్‌ను 200 మిల్లీవోల్ట్ రేంజ్‌లో పెట్టి డయోడ్‌తో సిరీస్‌లో కలిపి 20 వోల్టులు ఇవ్వాలి. ఇప్పుడు మీటర్ లోపలి ఒక మెగాఓమే మనకు కొలిచే రెసిస్టర్. 5 మిల్లీవోల్టులు చూపిస్తే 5 నానోయాంప్‌లు అన్నట్టు. ఇందాక రీడింగ్ చెడగొట్టిన రెసిస్టెన్సే ఇక్కడ పనికొస్తుంది. పది మెగాఓమ్‌ల మీటర్ అయితే రీడింగ్‌ను పదితో భాగించాలి. డయోడ్‌ను మాత్రం రివర్స్‌లోనే పెట్టావా లేదా అని ముందే చూసుకో, లేకపోతే 20 వోల్టులు దాదాపు మొత్తం మీటర్ మీదే పడతాయి.

ఈ కనెక్షన్ మీద ఉండగానే వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్‌ను డయోడ్‌కు తగలకుండా దగ్గరగా పట్టుకో, అంకె కళ్ల ముందే ఎక్కుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రివర్స్ కరెంట్ సుమారు రెండింతలు అవుతుంది. 25 డిగ్రీల గదిలో తీసిన రీడింగ్, మన ఎండాకాలం 45కి చేరిన ల్యాబ్‌లో నాలుగింతలు వస్తుంది. కాబట్టి గది ఉష్ణోగ్రత కూడా టేబుల్ పైన రాసుకో. 1N4148 లాంటి గాజు డయోడ్ అయితే వెలుతురు పడినా రీడింగ్ మారుతుంది, దాన్ని నల్ల టేప్‌తో కప్పి కొలవాలి.