ఫీజు వేరు, ప్లైవుడ్ డబ్బు వేరు

ప్రశ్న: సొంతంగా ఇంటీరియర్ డిజైన్ పని చేస్తున్నాను. కొందరు ఫీజుతో పాటు ప్లైవుడ్, హార్డ్‌వేర్ డబ్బులు కూడా నా ఖాతాకే పంపిస్తారు. రిటర్ను కోసం లెక్కలు ఎలా రాసుకోవాలి? ప్రతి బిల్లూ దాచాలా?

జవాబు: నేనూ ఇదే పనిలో ఉన్నాను. బిల్లుల సంగతి తర్వాత, ముందు ఆ ప్లైవుడ్ డబ్బు సంగతి చూడండి.

ఒక ఇంటి యజమాని మీకు 3 లక్షలు పంపారనుకుందాం. అందులో మీ ఫీజు 60 వేలు, మిగతా 2,40,000 సామానుకు. దుకాణంలో బిల్లు మీ పేరున రాయించుకుంటే మొత్తం 3 లక్షలూ మీ వసూళ్లుగానే కనిపిస్తాయి. మనలాంటి వృత్తుల వారికి లెక్కలు తేలిక చేసే ఆదాయపు పన్ను సెక్షన్ 44ఏడీఏ కింద అందులో సగం, అంటే లక్షన్నర, లాభంగా చూపాల్సి వస్తుంది. మీకు మిగిలింది మాత్రం 60 వేలే! అందుకే నేను సామాను బిల్లు యజమాని పేరునే రాయిస్తాను, వీలైతే డబ్బు కూడా ఆయన చేతే నేరుగా దుకాణానికి వేయిస్తాను. నా ద్వారానే వెళ్లాల్సి వస్తే దానికి వేరే బ్యాంకు ఖాతా ఉంది. దుకాణదారు ఇచ్చే ఎస్టిమేట్ చీటీ బిల్లు కాదు, పక్కా బిల్లు అడగండి. మెషిన్‌లో వచ్చే బిల్లు అక్షరాలు కొన్ని నెలల్లో చెరిగిపోతాయి కాబట్టి అప్పుడే ఫోటో తీసుకోండి.

ఫీజు పుస్తకంలో బ్యాంకులో పడిన మొత్తం కాకుండా, మీరు ఇచ్చిన బిల్లు మొత్తం రాయండి. ఒక కంపెనీ ఆఫీసు పనికి 80 వేలు బిల్లు చేస్తే, 10 శాతం టీడీఎస్ పోగా 72 వేలు వస్తుంది. ఆదాయం 80 వేలే, ఆ 8 వేలు ముందే కట్టిన పన్ను. నా పుస్తకంలో ఒక్కో బిల్లుకు తేదీ, బిల్లు మొత్తం, టీడీఎస్, చేతికి వచ్చింది అని నాలుగు గడులు ఉంటాయి. రిటర్ను వేసే ముందు టీడీఎస్ గడిని, మన పాన్ మీద జమైన పన్నును చూపే 26ఏఎస్ పత్రంతో పోల్చుకుంటాను. అక్కడ కనబడకపోతే కోత వేసినవారు ఇంకా జమ చేయలేదు, లేదా పాన్ తప్పు రాశారు. ఫోన్ చేసి సరిచేయించుకోవాల్సిందే.

ఇక ఖర్చులు. ఏడాది వసూళ్లు 50 లక్షల లోపుంటే (నగదు 5 శాతం మించకపోతే 75 లక్షలు) 44ఏడీఏ కింద సగం లాభంగా చూపించి ఊరుకోవచ్చు. ఖర్చుల బిల్లులు ఎవరూ అడగరు, కానీ ఆ సగంలోంచి మళ్లీ పెట్రోలు, లాప్‌టాప్ తరుగుదల తీసేయడానికి వీల్లేదు. మన పనిలో నిజమైన ఖర్చు సగానికి చేరడం అరుదు, కాబట్టి నాకైతే ఇదే లాభం. మీకు జీతానికి సహాయకులుండి, ఖర్చు సగం దాటుతుంటే పూర్తి లెక్కలు రాసి, మొత్తం ఆదాయం పన్ను పరిమితి దాటితే ఆడిట్ కూడా చేయించాలి. అలాంటప్పుడు ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. వడ్రంగికైనా, పెయింటర్‌కైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.