‘కొరత’ అనే మాట ఎంతవరకు అతుకుతుంది?

ప్రశ్న: అనంతపురంలో నర్సింగ్ పిల్లలకు తెలుగులో పాఠం చెబుతుంటాను. హైపాక్సియాను ‘ఆక్సిజన్ కొరత’ అంటున్నాను. హైపాక్సిక్, అనీమిక్, స్టాగ్నెంట్, హిస్టోటాక్సిక్ అనే దాని నాలుగు రకాలకూ ఈ ‘కొరత’ సరిపోతుందా? ‘రక్తహీన కొరత’, ‘స్తబ్ధ కొరత’ అనొచ్చా?

సమాధానం: మొదటి మూడింటికి సరిపోతుంది, నాలుగోదానికి సరిపోదు. ‘లేమి’ అనకుండా ‘కొరత’ అని మంచి పని చేశారు. ఇంట్లో బియ్యం కొరత అంటే కొన్ని ఉన్నాయి, చాలవు అని. లేమి అంటే బొత్తిగా లేకపోవడం, అది అనాక్సియాకు చెల్లుతుంది.

హైపాక్సిక్ హైపాక్సియాను మక్కికి మక్కి తెలిగిస్తే ‘కొరత కొరత’ అవుతుంది. నేనైతే ‘రాబడి కొరత’ అంటాను. లేహ్ లాంటి ఎత్తైన ఊరికి వెళ్ళినవాళ్ళకు ఆయాసం వచ్చేది ఇందుకే. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళే ఉంటుంది. కానీ గాలి ఒత్తిడి ఇక్కడి ఒత్తిడిలో మూడింట రెండు వంతులే కాబట్టి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి దిగేది తగ్గుతుంది.

‘రక్తహీన కొరత’తో నాకు పేచీ ఉంది. మన వైపు ‘ఆమెకు రక్తం లేదు’ అంటారు. అది విన్న పిల్లలు ఒంట్లో రక్తం పరిమాణమే తగ్గిందనుకుంటారు. తగ్గింది రక్తం కాదు, అందులో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 14 గ్రాములు ఉంటే దాదాపు 19 మిల్లీలీటర్లు, 7 గ్రాములే ఉంటే తొమ్మిదిన్నర దాటదు. అంటే మోత సగమైంది. అయినా వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ 98 చూపిస్తుంది. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత నిండిందో అది చెబుతుందే తప్ప, హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. ‘అంకె బాగుంది కదా మేడమ్’ అని ఎవరైనా అంటే పొరపాటు అక్కడే జరుగుతోందని గుర్తించండి. అందుకే దీన్ని ‘మోత కొరత’ అంటే విషయం పేరులోనే ఉంటుంది.

స్టాగ్నెంట్ రకానికి ‘స్తబ్ధ’ వద్దు. స్తబ్ధం అంటే కదలిక లేనిది. గుండె బలహీనపడిన మనిషిలో రక్తం ఆగిపోదు, నెమ్మదిస్తుంది, అంతే. కాలువలో నీళ్ళున్నా పారకం తగ్గితే చివరి మడికి అందనట్టు, వేళ్ళ కొసలు చల్లబడి నీలమవుతాయి. ‘పారుదల కొరత’ చాలు.

ఇక నాలుగోది, హిస్టోటాక్సిక్. దీనికి మన పల్లెల్లోనే ఉదాహరణ ఉంది. కోసిన జొన్న మోళ్ళ నుంచి మళ్ళీ లేచే పిలకలను ‘నాము’ అంటారు. వానలు లేక వాడి, ఒక జల్లు పడగానే చిగిర్చిన ఆ లేత పిలకలను మేస్తే పశువు కడుపులో సైనైడ్ పుడుతుంది. చిన్నప్పుడు కర్నూలు పక్క మా ఊళ్ళో నాము మేసిన ఎద్దు చేలోనే కూలబడి రొప్పడం చూశాను. పశువుల డాక్టరు మెడ నరంలో సూది గుచ్చి రక్తం తీస్తే, నల్లగా రావలసింది నిగనిగలాడే ఎరుపుగా వచ్చింది. ‘రక్తం ఇంత బాగుంటే ఎద్దుకేమైంది సార్?’ అని మా చిన్నాయన అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

రక్తం ఎర్రగా ఉండడమే జబ్బు గుర్తు. ఆక్సిజన్ వచ్చింది, హిమోగ్లోబిన్ మోసింది, రక్తం పారింది. కానీ కణం లోపల ఆక్సిజన్‌ను వాడుకునే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను సైనైడ్ పట్టేసింది. కణం తీసుకోకపోవడంతో ఆక్సిజన్ అలాగే వెనక్కి, గుండెకు తిరిగెళ్ళే నరాల్లోకి వచ్చేసింది. (ఊపిరి ఆగిపోయి చాలాసేపయ్యాక చూస్తే ఆ ఎరుపు ఉండకపోవచ్చు, అప్పుడు రంగును నమ్మి చెప్పలేం.) ఆ డాక్టరు నరానికి ఎక్కించిన సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులు కూడా ఆక్సిజన్‌ను పెంచడానికి కాదు, సైనైడ్‌ను ఆ ఎంజైమ్ నుంచి లాగి, హాని చేయని రూపంలోకి మార్చడానికి.

ఇక్కడ ‘కొరత’ అంటే అబద్ధమవుతుంది. రక్తంలో ఆక్సిజన్ మిగిలిపోతుంటే కొరత ఎలా అవుతుంది? ‘కణజాల విష కొరత’ అనేది మరీ తికమక, విషానికే కొరత అని అర్థం వస్తుంది. ‘కణజాలం’ మాత్రం చక్కని మాట, వదలకండి. గ్రీకు ‘హిస్టోస్’కు మగ్గం, నేత అని అర్థాలు, మన ‘జాలం’ అంటే వల. రెండు భాషలూ ఒకే పోలికను పట్టుకున్నాయి. కాబట్టి నాలుగోదాన్ని ‘కణజాల విషం వల్ల ఆక్సిజన్ వాడలేమి’ అనండి. పేరు కాస్త పొడుగే. ముందు ఆ ఎద్దు రక్తం రంగు చెప్పి, తర్వాత పేరు చెబితే పిల్లలకు అది బరువనిపించదు.