స్టీరింగ్ కమిటీ రిపోర్టులో నిర్ణయాల పేజీ ముందుండాలి

ప్రశ్న: "మా ఈఆర్‌పీ ప్రాజెక్టుకి నెలనెలా స్టీరింగ్ కమిటీ రిపోర్టు నేనే తయారుచేస్తాను. 40 స్లైడ్లు అవుతాయి. అందరూ చూసి 'గుడ్' అని వెళ్లిపోతారు, ఏదీ తేల్చరు. ఫార్మాట్ ఎలా మార్చాలి?"

ఫార్మాట్ సంగతి తర్వాత, ముందు వరస మార్చండి. నిర్ణయాలు కావాలని అడిగే స్లైడు మీ డెక్‌లో చివర ఉండి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఎండీ గారు ఫోన్ పట్టుకుని బయటికి నడిచి ఉంటారు. దాన్ని మొదటి పేజీకి తెచ్చి, నెలకి రెండు, మహా అయితే మూడు నిర్ణయాలే అడగండి.

అడిగే తీరు కూడా ముఖ్యం. "డేటా క్లెన్సింగ్‌కి మేనేజ్‌మెంట్ సపోర్టు కావాలి" అని రాస్తే అందరూ తలూపుతారు, ఎవరూ ఏమీ చెయ్యరు. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి:

"మెటీరియల్ మాస్టర్‌లో 60,000 ఐటమ్‌లున్నాయి. అన్నీ శుభ్రం చేసి ఎక్కిస్తే గో-లైవ్ ఏప్రిల్ 1 నుంచి జూలై 1కి జరుగుతుంది. గత రెండేళ్లలో కదిలినవి, స్టాకు ఉన్నవి మాత్రమే తీసుకుంటే 21,000 అవుతాయి, తేదీ నిలుస్తుంది. మా సిఫార్సు రెండోది. ఒప్పుకోవలసింది పర్చేజ్ హెడ్, ప్లాంట్ హెడ్. జనవరి 20లోపు తేలకపోతే, కొత్త సిస్టమ్‌లోకి డేటా ఎక్కించి పరీక్షించే మూడో మాక్ లోడ్ తప్పిపోతుంది."

ఇప్పుడు అవునో కాదో చెప్పక తప్పదు. ఏప్రిల్ 1 తప్పితే ఏమవుతుందో ఫైనాన్స్ హెడ్‌కి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏడాది మధ్యలో మారితే ఓపెనింగ్ బ్యాలెన్సులతో సరిపోదు. అప్పటిదాకా జరిగిన ఆదాయ వ్యయాలు, తరుగుదల కూడా తేవాలి. ఆ ఏడాది ఆడిట్‌కి రెండు సిస్టమ్‌ల లెక్కలు కలిపి చూపించాలి.

ఇక బడ్జెట్ స్లైడు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కంటింజెన్సీ 1 కోటితో కలిపి ఆమోదించింది 12 కోట్లు, ఈ నెలకి అయి ఉండాల్సిన ఖర్చు 7.5 కోట్లు, నిజంగా అయింది 6.4 కోట్లు అనుకుందాం. స్లైడు పచ్చగా ఉంటుంది, కమిటీ సంతోషిస్తుంది. ఖర్చు ఎందుకు తగ్గింది? ఇంప్లిమెంటేషన్ పార్టనర్ మైల్‌స్టోన్ ప్రకారం బిల్లు వేస్తాడు. ఇంటిగ్రేషన్ టెస్టింగ్ పూర్తికాలేదు కాబట్టి ఆ బిల్లు రాలేదు. అంటే అది పొదుపు కాదు, ఆలస్యం. అందుకే "ఎంత ఖర్చయింది" పక్కన "ముగిసేసరికి ఎంతవుతుంది" అని తప్పనిసరిగా చూపండి. అయిన 6.4కి, ఆర్డరు ఇచ్చి బిల్లు రాని 4.2 కలపండి. గో-లైవ్ మూడు నెలలు వెనక్కి జరిగితే నెలకి 50 లక్షల చొప్పున టీమ్ ఖర్చు 1.5, ఆమోదించిన ఛేంజ్ రిక్వెస్టులు 0.6. మొత్తం 12.7. కంటింజెన్సీ అంతా ఊడ్చినా ఇంకా 70 లక్షలు తక్కువపడతాయి. ఈ ఒక్క వరస చూపిస్తే పైన అడిగిన ఐటమ్‌ల నిర్ణయం అరగంటలో తేలుతుంది.

స్కోప్‌కి పెద్ద స్లైడు అక్కర్లేదు. ఛేంజ్ రిక్వెస్టులు ఎన్ని అని కాకుండా, తేలకుండా ఉన్నవాటికి ఎన్ని పనిదినాలు పడతాయో, అడిగిన డిపార్ట్‌మెంట్ ఏదో రాయండి. "పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రిపోర్టే అచ్చంగా కావాలి" అనేవి ఎక్కడ పోగవుతున్నాయో వాళ్లకే కనబడుతుంది.

రిస్కుల విషయంలో నాకో చిరాకుంది. "డేటా మైగ్రేషన్, అంబర్" అని ఆర్నెల్లు అదే వరస అతికిస్తారు. రెండో మాక్ లోడ్‌లో 18 శాతం రికార్డులు ఎక్కకపోతే అది ఇక రిస్కు కాదు, జరిగిపోయిన సమస్య. రంగు అభిప్రాయంతో కాకుండా ముందే రాసుకున్న హద్దుతో రావాలి: ఫెయిలైనవి 2 శాతం లోపు పచ్చ, 10 దాటితే ఎరుపు. ఆ రంగుని పార్టనర్ చేతిలో పెట్టకండి, బిల్లు దాని మీదే ఆధారపడి ఉంటుంది. మీ ప్రాజెక్టు ఆఫీసు, అంటే పీఎంఓనే వెయ్యాలి.

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ 2022 ఏప్రిల్‌లో ఒరాకిల్ ఈఆర్‌పీకి మారింది. మొదట సుమారు 1.9 కోట్ల పౌండ్లు అనుకున్నది తర్వాత 10 కోట్లు దాటింది. బ్యాంకు రికన్సిలియేషన్ సరిగ్గా పనిచెయ్యక, ఆ పని మనుషులు చేత్తో చేసుకోవాల్సి వచ్చింది. అందుకే గో-లైవ్ ముందు రిపోర్టులో "టెస్టింగ్ 92 శాతం పూర్తి" అని చాలదు. మిగిలిన 8 శాతంలో బ్యాంకు, జీఎస్‌టీ, జీతాలు ఉన్నాయా లేదా అని పేర్లతో రాయాలి.

రిపోర్టు మీటింగ్‌కి మూడు రోజుల ముందు పంపండి. హెడ్ రాలేక డిప్యూటీని పంపితే నిర్ణయాధికారం ఉందో లేదో ముందే కనుక్కోండి. మినిట్స్‌లో "చర్చించారు" అనే మాట వద్దు. తేల్చింది, తేల్చినవారు, తేదీ రాసి అదే రోజు పంపండి. తేలనిది వచ్చే నెల కూడా మొదటి పేజీలోనే ఉండాలి, పక్కన అప్పటిదాకా ఆలస్యం వల్ల పెరిగిన ఖర్చుతో సహా.