టెక్ సందేహాలు: తేదీ మారిందని మెయిల్ పెట్టినా పాత తేదీకే వచ్చారు

*కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో డేటాబేస్ సబ్జెక్టు చెబుతాను. మా మిడ్-2 పరీక్ష నవంబర్ 19 నుంచి 25కి మారింది. ముందు పంపిన మెయిల్‌కే రిప్లై కొట్టి, 19ని గీతతో కొట్టేసి, పక్కన 25 అని ఎర్ర రంగులో రాసి 13వ తేదీనే అందరికీ పంపాను. అయినా కొంతమంది 19నే పరీక్షకి వచ్చేశారు. మిగతావాళ్లు సిలబస్ అదేనా, రికార్డు ఎప్పుడివ్వాలి అని ఒకటే ఫోన్లు. మెయిల్ బదులు ఇంకేదైనా యాప్ వాడాలా? – ఒక లెక్చరర్, కావలి*

యాప్ మార్చనక్కర్లేదు మేడమ్. ఈ పనికి జీమెయిల్ చాలు. మీరు కంప్యూటర్ ముందు కూర్చుని రాసిన మెయిల్, పిల్లల ఫోన్‌లో మీరు అనుకున్నట్టు కనపడలేదు. ఇబ్బంది అక్కడే వచ్చింది.

ముందు ఆ రిప్లై సంగతి చూద్దాం. పాత మెయిల్‌కి రిప్లై ఇస్తే జీమెయిల్ ఆ రెండింటినీ ఒకే సంభాషణగా కలిపేస్తుంది. దాని పైన కనపడేది పాత సబ్జెక్టే. మీ మొదటి మెయిల్ సబ్జెక్టులో ‘మిడ్-2, నవంబర్ 19’ అని ఉండి ఉంటే, తేదీ మారిన మెయిల్ కూడా అదే పేరుతో వాళ్ల ఇన్‌బాక్స్‌లోకి చేరింది. పైపైన చూసిన పిల్లవాడికి అది ఇదివరకే చదివిన మెయిల్ మళ్లీ పైకి వచ్చినట్టు ఉంటుంది. అందుకే తేదీ మార్పుకి రిప్లై వద్దు. కొత్త మెయిల్ తెరిచి, కొత్త సబ్జెక్టుతో విడిగా పంపండి.

రెండోది ఆ కొట్టేసిన గీత. గీత, రంగు, బోల్డ్ మెయిల్ తెరిచాకే కనపడతాయి. తెరవకముందు నోటిఫికేషన్‌లోనూ ఇన్‌బాక్స్‌లోనూ కనపడే ఆ ఒకటి రెండు లైన్లు ఉత్త అక్షరాలే. అక్కడ మీ వాక్యం ‘మిడ్-2 పరీక్ష నవంబర్ 19 25’ అని కనపడుతుంది. పిల్లల్లో ఎవరో ఒకరు ఆ లైను కాపీ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడతారు కదా, అక్కడికి చేరేసరికి గీతా ఉండదు, రంగూ ఉండదు. కొట్టేసిన 19 మళ్లీ మామూలు తేదీ అయిపోతుంది. నా దృష్టిలో 19న వచ్చినవాళ్లది అజాగ్రత్త కాదు. వాళ్ల కంటికి 19 కనపడింది, వచ్చారు.

కాబట్టి పాత తేదీ చెల్లదన్న విషయం మాటల్లో ఉండాలి. ‘నవంబర్ 19న పరీక్ష లేదు’ అని రాస్తే, ఆ వాక్యాన్ని ఎవరు ఎక్కడికి కాపీ చేసినా అర్థం మారదు. పాత తేదీని అసలు రాయకుండా వదిలేయడం కూడా మంచిది కాదు. రెండు మెయిళ్లూ చూసినవాడికి ఏది ముందుదో ఏది వెనకదో తెలియక టెన్షన్ పడతాడు. పాత తేదీ ఒక్కసారి, ‘లేదు’ అన్న మాటను వెంటబెట్టుకుని రావాలి. అంతకుమించి వద్దు.

సబ్జెక్టులో ‘ముఖ్య గమనిక’, ‘పరీక్ష వాయిదా’ లాంటివి పెట్టకండి. వాయిదా అని చదివినవాడు మెయిల్ తెరవకుండానే పరీక్ష ఎప్పుడో తేలలేదనుకుంటాడు. ఫోన్ తెర మీద సబ్జెక్టు పొడవుగా ఉంటే సగంలోనే తెగిపోతుంది కనుక కొత్త తేదీ వీలైనంత ముందుకు రావాలి. మెయిల్ మొదటి వాక్యం కూడా అంతే. ‘ప్రియమైన విద్యార్థులారా, మీరందరూ బాగా చదువుతున్నారని ఆశిస్తున్నాను’ అని మొదలుపెడితే నోటిఫికేషన్‌లో ఉన్న ఆ కాస్త చోటూ దానికే సరిపోతుంది.

తేదీ రాసేటప్పుడు నెల పేరు, వారం రెండూ ఉండాలి. మీరు శుక్రవారం, అంటే 13న మెయిల్ రాస్తూ ‘వచ్చే బుధవారం’ అంటే చదివేవాళ్లు దాన్ని 18 అనుకోవచ్చు, 25 అనుకోవచ్చు. వారం పేరు వల్ల ఇంకో మేలుంది. తేదీలో అంకె తప్పు పడితే వారంతో పొసగదు, ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతారు.

ఇక ఆ ఫోన్ల విషయం. నిజానికి మీ ప్రశ్నలో అన్నిటికన్నా విలువైనది ఇదే. తేదీ మారిందనగానే చదివేవాళ్లకి వచ్చే అనుమానం, దాంతోపాటు ఇంకేం కదిలాయని. ఆరు రోజులు దొరికాయి కదా, ఈలోపు చెప్పే పాఠం కూడా సిలబస్‌లో కలుస్తుందా? పరీక్ష జరిగిన మర్నాడు ఇవ్వాల్సిన రికార్డు ఇప్పుడు 20న ఇవ్వాలా, 26న ఇవ్వాలా? బిట్రగుంట నుంచో అల్లూరు నుంచో వచ్చే పిల్లలకి టైము అదేనా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఉదయం అయితే ఏ బస్సు పట్టుకోవాలో, మధ్యాహ్నం అయితే తిరిగి ఇంటికి ఎలా చేరాలో ముందే చూసుకోవాలి. ‘మిగతావన్నీ యథాతథం’ అన్న ఒక్క మాట ఈ అనుమానాల్లో దేన్నీ తీర్చదు. రికార్డు ఆ ‘మిగతావన్నీ’లోకి వస్తుందో రాదో వాళ్లకి తెలియదు.

అలాగని మారనివన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. పెన్ను నీలం రంగుదే వాడాలి, ఐడీ కార్డు తేవాలి లాంటివి తేదీతో ముడిపడినవి కావు. ఆ తేదీని పట్టుకుని ఉన్నవి మాత్రమే రాయాలి. అవి టైము, గది, సిలబస్, రికార్డు గడువు, పక్క సబ్జెక్టుల పరీక్షలు. ప్రతిదాని పక్కనా అసలు విలువ కూడా రాయండి. ‘గది మారలేదు’ అంటే పాత మెయిల్ వెతుక్కోవాలి. ‘గది: 12, మారలేదు’ అంటే పని అయిపోయింది.

మీ కేసుకే మెయిల్ రాస్తే ఇలా ఉంటుంది. గది, టైము, యూనిట్లు నేను ఊహించి వేశాను, మీవి పెట్టుకోండి.

సబ్జెక్టు: డేటాబేస్ మిడ్-2: నవంబర్ 25, బుధవారం (19న లేదు)

> డేటాబేస్ మిడ్-2 పరీక్ష నవంబర్ 25, బుధవారం జరుగుతుంది. నవంబర్ 19, గురువారం పరీక్ష లేదు. ఆ రోజు మన క్లాసులు మామూలుగా ఉంటాయి.
>
> మారింది తేదీ ఒక్కటే. ఇవి మారలేదు:
>
> టైము: ఉదయం 10 నుంచి 11.30 వరకు
>
> గది: 12
>
> సిలబస్: 3, 4 యూనిట్లు. ఈలోపు చెప్పే 5వ యూనిట్ ఈ పరీక్షలో రాదు.
>
> రికార్డు: నవంబర్ 20, శుక్రవారం లోపే ఇవ్వాలి. పరీక్ష మారినా ఈ గడువు మారలేదు.
>
> మిగతా సబ్జెక్టుల మిడ్-2 పరీక్షలు: పాత టైంటేబుల్ ప్రకారమే.
>
> 19న మన బ్లాకులో యూనివర్సిటీ ప్రాక్టికల్స్ ఉన్నందువల్ల తేదీ మార్చాం.
>
> 25న రాలేని కారణం ఎవరికైనా ఉంటే నవంబర్ 16, సోమవారం సాయంత్రం 5 గంటల లోపు ఈ మెయిల్‌కి రిప్లై ఇవ్వండి.

ఇందులో కారణం చివరికి వెళ్లింది గమనించారా? మనం సాధారణంగా కారణంతోనే మొదలుపెడతాం, మర్యాదగా ఉంటుందని. కానీ పిల్లలకి కావాల్సింది ముందు తేదీ. కారణం ఒక్క వాక్యం చాలు. అసలు లేకపోతే మాత్రం మళ్లీ మారుతుందేమోనని పుకార్లు లేస్తాయి.

19న క్లాసులున్నాయన్న ముక్క కూడా కావాలనే పెట్టాను. అది లేకపోతే పరీక్ష లేదంటే సెలవేననుకుని కొందరు మానేస్తారు. ఇక ఏదైనా ఇంకా తేలకపోతే, ఉదాహరణకి గది ఖరారు కాకపోతే, దాన్ని ‘మారలేదు’ కిందికి తోసేయకండి. ‘గది ఇంకా తేలలేదు, నవంబర్ 20 సాయంత్రం లోపు చెబుతాను’ అని రాయండి. తేలలేదని చెప్పడం వల్ల మీమీద గౌరవం తగ్గదు. మారలేదని చెప్పి తర్వాత మార్చితే మాత్రం మీ తర్వాతి మెయిల్‌ని నమ్మరు.

మెయిల్‌లో ఏమీ రాయకుండా ప్రిన్సిపాల్ సంతకం ఉన్న నోటీసు ఫొటో మాత్రం జోడించి పంపడం చాలా కాలేజీల్లో అలవాటు. ఫొటో పెట్టొచ్చు, కానీ మెయిల్‌లో పై మాటలన్నీ టైపు చేసి ఉండాలి. లేకపోతే నోటిఫికేషన్‌లో చదవడానికి ఏమీ ఉండదు.

పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు. పిల్లల అడ్రసులు `Bcc` గడిలో వేసి, `To` గడిలో మీ అడ్రసే పెట్టండి. అప్పుడు ఒకరి అడ్రసు ఇంకొకరికి కనపడదు. ‘ఓకే మేడమ్’ అని ఎవరైనా అందరికీ రిప్లై నొక్కినా అది మీ ఒక్కరికే వస్తుంది. లేకపోతే ఆ ఓకేల కింద అసలు మెయిల్ కూరుకుపోతుంది. రెండోది, కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి `See all settings`, `General`లో `Undo Send` సమయాన్ని 30 సెకన్లకి పెంచి, కింద `Save Changes` నొక్కండి. అంతకంటే ఎక్కువ ఇవ్వదు. ఆ 30 సెకన్లు దాటాక పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకునే దారి జీమెయిల్‌లో లేదు. కాబట్టి అందరికీ పంపేముందు మీ ఒక్కరికే పంపుకుని, ఫోన్ తెరవకుండా నోటిఫికేషన్ ఒక్కటే చూడండి. కొత్త తేదీ అక్కడ కనపడకపోతే సబ్జెక్టు ఇంకా కుదించాలి.

గూగుల్ క్యాలెండర్‌లో పిల్లలకి పరీక్ష ఇన్విటేషన్ పంపి ఉంటే, పాతది అలాగే ఉంచి కొత్తది తయారు చేయకండి. అలా చేస్తే వాళ్ల క్యాలెండర్‌లో 19న ఒకటి, 25న ఒకటి కనపడతాయి. పాతదాన్నే తెరిచి తేదీ మార్చి సేవ్ చేయండి. మార్పును అతిథులకి పంపాలా అని అడుగుతుంది, `Send` నొక్కండి. పిల్లలు సొంతంగా ఫోన్‌లో పెట్టుకున్న రిమైండర్లు మాత్రం దీంతో మారవు. వాటికోసమే ఈ చివరి పని.

చాలామంది కొత్త తేదీకి ముందు రోజు రిమైండర్ పంపుతారు. దానికంటే అవసరమైనది పాత తేదీకి ముందు రోజు పంపేది. పొరపాటున వచ్చేది 19నే కదా. ఆ మెయిల్‌ని 13నే రాసి పెట్టేయొచ్చు. `Send` బటన్ పక్కనున్న బాణం గుర్తు నొక్కి `Schedule send` ఎంచుకుని, నవంబర్ 18 సాయంత్రం 5 గంటలకి పెట్టండి. ఫోన్‌లో అయితే పైన మూడు చుక్కల కింద అదే పేరుతో ఉంటుంది. ఈలోపు ఏదైనా మళ్లీ మారితే `Scheduled` ఫోల్డర్‌లోంచి దాన్ని తీసి ఆపేయొచ్చు. అందులో సబ్జెక్టే సరిపోతుంది: ‘రేపు (నవంబర్ 19) డేటాబేస్ మిడ్-2 లేదు, 25 బుధవారం ఉదయం 10కి. రికార్డు మాత్రం ఎల్లుండి 20నే.’